పలకలతో చిన్న గదికి పైకప్పు: బేరింగ్, జాయింట్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి వెనక ఒక గది, పంపు షెడ్డు, వాచ్‌మన్ గది, పశువుల పాక పక్కన దాణా గది. ఇలాంటి చిన్న వాటికి సెంట్రింగ్ కొట్టించి స్లాబు పోయించడం ఇష్టం లేక, ముందే పోసిన సిమెంటు పలకలు పరిచి కప్పేద్దామని అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేయిస్తున్నాను. అంతకాలంలో పలక తనంతట తాను విరిగి పడడం నేను రెండు మూడు సార్లకు మించి చూడలేదు. చూసిన గొడవలన్నీ పలక గోడ మీద ఆనిన ఆ నాలుగు వేళ్ల మేరలోనో, అంటే బేరింగ్‌లోనో, రెండు పలకల మధ్య సందులోనో వచ్చినవే. అందుకని ఇక్కడ ఎక్కువ మాట్లాడేది ఆ రెండింటి గురించే. లెక్కలన్నీ ఒకే గదికి చెబుతాను: లోపల 10 అడుగులు, 12 అడుగులు, చుట్టూ 9 అంగుళాల ఇటుక గోడ.

ప్రశ్న: ముందే పోసిన పలకల్లో ఎన్ని రకాలున్నాయి? నా గదికి ఏది?

మనకు పనికొచ్చేవి రెండు. మొదటిది హాలో కోర్ పలక. ఫ్యాక్టరీలో తీగలు లాగి పట్టి పోస్తారు. పొడవునా గుండ్రటి బోలు రంధ్రాలు ఉంటాయి, అందువల్ల మందం ఉన్నా బరువు తగ్గుతుంది. మామూలుగా 1,200 మి.మీ. వెడల్పుతో వస్తుంది. 150 మి.మీ. మందం పలక చదరపు మీటరుకు దగ్గర దగ్గర 250 కిలోలు తూగుతుంది. అంటే మన 10 అడుగుల గది మీద వేసే ఒక్క పలక సుమారు టన్ను. హైడ్రా క్రేను గది పక్కకు రాగలిగితేనే దాని గురించి ఆలోచించాలి.

రెండోది పలక-దూలం పద్ధతి. సైట్‌లో జాయిస్టు, ప్లాంకు అంటారు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ రూపొందించినది. గదికి అడ్డంగా 150 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. లోతు ఉన్న చిన్న దూలాలు పెట్టి, వాటి మధ్య 300 మి.మీ. వెడల్పు పలకలు పేరుస్తారు. పలక పొడవు 1.5 మీటర్లు దాటదు, బరువు 50 కిలోల లోపు. ఇద్దరు మనుషులు ఎత్తి పెట్టగలరు. సందు చివర ఉన్న ఇళ్లకు, పొలాల్లో గదులకు నేను చెప్పేది ఇదే. దీనికి ఐఎస్ 13990, ఐఎస్ 13994 అని రెండు ప్రమాణాలు కూడా ఉన్నాయి. మీ ఇంజనీరు చేతిలో అవి ఉండాలి.

ప్రశ్న: కాంపౌండ్ వాల్‌కి వాడే రెడీమేడ్ పలకలు చవగ్గా దొరుకుతున్నాయి. అవే పైన పరిస్తే?

వద్దు. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలి.

కాంపౌండ్ వాల్ పలక నిలబడి ఉండడానికి పోసినది. దాని మీద పడేది పక్క నుంచి గాలి, అంతే. అందుకని సన్నటి తీగలు సరిగ్గా మందం మధ్యలో వేస్తారు. పైకప్పు పలక పడుకుని ఉంటుంది, కిందికి వంగుతుంది, కింది ముఖం సాగుతుంది. ఇనుము అడుగున ఉంటేనే ఆ సాగుడును పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న తీగ అక్కడికి అందదు. కొత్తలో మనిషి ఎక్కినా నిలుస్తుంది, అదే మోసం. రెండు వర్షాకాలాలు తడిసి, తీగ తుప్పు పట్టాక ఏ చప్పుడూ లేకుండా మధ్యకు విరుగుతుంది. ఒక రైతు పంపు షెడ్డులో నేను చూసిన పలక అలా విరిగిందే. విరిగిన చోట తీగ పెన్సిల్ గీతలా సన్నగా, సరిగ్గా నడిమధ్య కనపడింది. అప్పుడు లోపల ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

ప్రశ్న: 10×12 గదికి దూలాలు ఎన్ని? పలకలు ఎన్ని?

దూలాలు రెండు చాలు. అవి గదికి 10 అడుగుల వైపు అడ్డంగా, అంటే పొడవు గోడల మీద ఆనేలా ఉంటాయి. పలకలు 12 అడుగుల వైపు పరుచుకుంటాయి. మొత్తం మూడు వరసలు: గోడకూ దూలానికీ మధ్య ఒకటి, రెండు దూలాల మధ్య ఒకటి, మళ్లీ దూలానికీ గోడకూ మధ్య ఒకటి.

ఇక్కడ చాలామంది మేస్త్రీలు గదిని మూడు సమాన భాగాలు చేస్తారు. చేస్తే నడిమి వరసకు ఒక పొడవు పలక, చివరి వరసలకు ఇంకో పొడవు పలక కావాల్సి వస్తుంది. ఎందుకంటే గోడ మీద ఆనే మేర వేరు, దూలం మీద ఆనే మేర వేరు. అచ్చులు రెండు రకాలవుతాయి, పెట్టేటప్పుడు తారుమారవుతాయి. దానికంటే దూలాలను కాస్త జరపడం తేలిక. గది లోపలి పొడవు 3,660 మి.మీ. అందులో రెండు దూలాలు పోగా మిగిలేది 3,360. నడిమి సందు 1,150, అటూ ఇటూ చివరి సందులు 1,105 చొప్పున పెట్టండి. అప్పుడు పలకలన్నీ 1,230 మి.మీ. పొడవే. నడిమి పలక దూలాల మీద రెండు వైపులా 40 మి.మీ. ఆనుతుంది. చివరి పలక దూలం మీద 40, గోడ మీద 85 మి.మీ. ఆనుతుంది.

వరసకు 11 పలకలు వేస్తే గది వెడల్పు నిండి, పొడవు గోడల మీదికి చెరో 150 మి.మీ. వస్తాయి. మొత్తం 33. నేనైతే 36 పోయిస్తాను. రెండు మూడు మూలలు విరుగుతాయి, విరిగిన మూలకు సిమెంటు పూసి పెట్టేద్దామనే ఆలోచన అప్పుడు ఎవరికీ రాదు.

ప్రశ్న: పలక మందం అంతటా ఒకటేనా?

కాదు, ఈ పద్ధతిలో తెలివంతా అక్కడే ఉంది. పలక నడుమ 60 మి.మీ. మందం, రెండు చివర్ల 30 మి.మీ. మాత్రమే. చివర్ల పైభాగం కోసేసినట్టు తగ్గి ఉంటుంది. దూలం మీద రెండు పలకలు ఎదురెదురుగా కూర్చున్నాక, ఆ తగ్గిన చోటా, రెండింటి మధ్య ఖాళీలోనూ కాంక్రీటు పోస్తాం. దూలంలోంచి పైకి పొడుచుకొచ్చిన రింగులు ఆ కాంక్రీటులో ఇరుక్కుంటాయి. గట్టిపడ్డాక 150 లోతు దూలం కాస్తా 210 లోతు దూలం అవుతుంది, పైన వెడల్పు తలతో. బరువు మోసేది ఆ కలిసిన దూలమే.

కాబట్టి ఇక్కడ సందు నింపడమంటే నీళ్లు కారకుండా చేసే పూత పని కాదు, దూలంలో మిగిలిన సగాన్ని పోయడం. ఈ సంగతి తెలియని వాళ్లు ఆ కాలువను ఇటుక ముక్కలతో, మిగిలిన మాలుతో నింపేస్తారు. పైకి చూస్తే తేడా తెలియదు.

మన గదికి నేను వాడించిన ఇనుము చెబుతాను: దూలం అడుగున 12 మి.మీ. కడ్డీలు రెండు, 6 మి.మీ. రింగులు 125 మి.మీ. దూరంలో, పలకకు పొడవునా 6 మి.మీ.వి మూడు, అడ్డంగా 200 మి.మీ.కు ఒకటి. ఇది ఈ కొలతకు, పైన మామూలు వాటర్‌ప్రూఫింగ్, మనుషులు ఎక్కే బరువు లెక్కేసి పెట్టింది. పైన నీళ్ల ట్యాంకు పెడతానంటే లెక్క మొత్తం మారిపోతుంది, ఇంజనీరు చేత మళ్లీ చేయించాలి.

రింగు వెడల్పు మీద ఒక హెచ్చరిక. దూలం 150 వెడల్పు, రెండు వైపులా పలకలు 40 చొప్పున ఆనితే మధ్యలో మిగిలేది 70 మి.మీ. అందుకే రింగు బయటి వెడల్పు 60కి మించకూడదు. ఒకసారి రాడ్ బెండర్ అలవాటు కొద్దీ 100 వెడల్పు రింగులు కట్టాడు, నేను చూసుకోలేదు. పేర్చే రోజు పలక రింగుకు తగిలి కూర్చోలేదు. కూలీలు పలకను వెనక్కి లాగారు, బేరింగ్ 25కి పడిపోయింది. ఆ రెండు దూలాలు పక్కన పడేసి మళ్లీ పోయించాం. తప్పు నాదే కాబట్టి ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ప్రశ్న: దూలం కింద బెడ్ బ్లాక్ తప్పనిసరా? ఇటుక మీదే పెడితే ఏమవుతుంది?

లెక్క వేసి చూద్దాం. పైకప్పు బరువు, మనుషుల బరువు అన్నీ కలిపి మన దూలం ఒక్కో చివర దాదాపు 1,050 కిలోలు గోడ మీద మోపుతుంది. దూలం గోడలోకి 115 మి.మీ., అంటే సగం గోడ దాకా వెళ్తుంది. వెడల్పు 150. అంటే ఆ టన్ను బరువు మోసే చోటు 15 సెం.మీ. × 11.5 సెం.మీ. చదరపు సెంటీమీటరుకు 6 కిలోల పైమాటే. మన దగ్గర దొరికే మామూలు ఇటుక కట్టుబడికి సురక్షితంగా ఇవ్వగలిగేది 3.5 నుంచి 5 కిలోలు. చాలదు. గోడ వెంటనే కూలిపోదు కానీ దూలం కింద ఇటుక నలుగుతుంది, అక్కడి నుంచి కిందికి నిలువు పగులు మొదలవుతుంది.

అదే దూలం కింద 12 అంగుళాల పొడవు, 9 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం కాంక్రీటు దిమ్మ పెడితే బరువు 690 చదరపు సెంటీమీటర్ల మీద పరుచుకుంటుంది. చదరపు సెంటీమీటరుకు కిలోన్నర. ఇటుకకు ఇది లెక్కే కాదు. నాలుగు దిమ్మల కోసం ఎవరూ వెనకాడక్కర్లేదు.

గోడ మీద ఆనే పలకల సంగతి వేరు. అక్కడ బరువు గోడ పొడవునా పంచుకుంటుంది కాబట్టి దిమ్మ అక్కర్లేదు. అక్కడ కావాల్సింది మట్టం. గోడ తల ఎగుడుదిగుడుగా ఉంటే పలక రెండు బిందువుల మీదే ఆని ఊగుతుంది. 1:4 మాలుతో తల అంతా సమం చేసి, లెవల్ పైపుతో నాలుగు మూలలూ, దూలం తలా ఒకే మట్టానికి తీసుకురండి. పలక పెట్టేటప్పుడు కింద పలుచగా తడి మాలు వేసి దాని మీద కూర్చోబెట్టండి. పొడి గోడ మీద పొడి పలక పెడితే లోపల ఖాళీ ఉండిపోతుంది.

ప్రశ్న: బేరింగ్ ఎంత ఉంటే చాలు? 40 మి.మీ. తక్కువ కాదా?

ఇటుక గోడ మీద ఏ పలకైనా 75 మి.మీ. తగ్గకుండా చూసుకోండి, హాలో కోర్‌కైనా ఇదే. గోడ అంచు ఇటుక పెళుసు. అంచున ఆనిన బరువు ఇటుక పెచ్చును ఊడదీస్తుంది. పైగా గోడ తూకంలో 10, 15 మి.మీ. తేడా ఉండని ఇల్లు అరుదు.

దూలం మీద 40 చాలడానికి కారణం, అక్కడ కాంక్రీటు మీద కాంక్రీటు ఆనుతోంది, తర్వాత పోసే కాంక్రీటు రెంటినీ ముడేస్తుంది. కానీ ఆ 40లో తప్పుకు చోటు లేదు. దూలం 15 మి.మీ. పక్కకు జరిగితే ఒక వైపు 55, రెండో వైపు 25 అవుతుంది. అందుకని టేపుతో కొలిచి వదిలేయకుండా రెండు కర్రలు కోయించండి, ఒకటి 1,150, ఇంకోటి 1,105. దూలాల మధ్య ఈ చివర, ఆ చివర, నడుమ కర్ర పెట్టి చూడాలి. కర్ర బిగువుగా దూరితే సరి. మా మేస్త్రీ గారు ఆ కర్రల మీద ఎర్ర పెయింటుతో "నడుమ", "చివర" అని రాయించారు. "టేపు పట్టుకున్నోడు పొరబడతాడు బాబూ, కర్ర పొరబడదు" అంటారాయన. ఆ మాట ఎంత నిజమో సైట్‌లో ప్రతిసారీ తెలుస్తూనే ఉంది.

ప్రశ్న: పేర్చే రోజు ఏ వరసలో పని జరగాలి?

ముందు దూలాలు. ఒక్కోటి 185 కిలోల దాకా ఉంటుంది, ఆరుగురు కావాలి. మోసేటప్పుడు రింగులు పైకే ఉండాలి, పక్కకు పడుకోబెట్టి మోస్తే పగుళ్లు పడతాయి. దిమ్మ మీద మాలు వేసి కూర్చోబెట్టి, దూరాలు కర్రతో చూసి, ప్రతి దూలం నడుమ కింద ఒక ప్రాపు పెట్టండి. ప్రాపు తాకి నిలబడాలి తప్ప దూలాన్ని పైకి ఎత్తకూడదు. మొత్తం గదికి రెండు ప్రాపులు. సెంట్రింగ్ అంటే ఇంతే.

తర్వాత పలకలు ఒక చివర నుంచి మూడు వరసలూ కలిపి పేర్చుకుంటూ రావాలి. ఒక వరస పూర్తిగా పేర్చి రెండోదానికి వెళ్తే దూలం మీద బరువు ఒక పక్కే పడి పక్కకు వాలుతుంది. పలకలు పైకి తెచ్చి ఒకే చోట గుట్ట వేయొద్దు. ఇరవై పలకలంటే 900 కిలోలు, అప్పటికి దూలం ఇంకా సగం దూలమే. ఉదయం మొదలుపెడితే మధ్యాహ్నానికి 33 పలకలూ పడతాయి.

ప్రశ్న: జాయింట్లు ఎలా నింపాలి? ఏ మాలు?

రెండు రకాల సందులున్నాయి, రెంటికీ వేర్వేరు మాలు.

మొదటిది పలకకూ పలకకూ మధ్య ఉండే సన్నటి సందు. పలక అంచు కొంచెం ఏటవాలుగా పోస్తారు కాబట్టి కింద 5 మి.మీ., పైన వెడల్పుగా గాడిలా ఉంటుంది. ముందు రోజు సాయంత్రం గది లోపలి నుంచి కింది సందులో జనుము పురి దూర్చి 1:3 మాలు వేలితో నొక్కి మూసేయాలి. ఇది చేయకపోతే పైన పోసిన మాలులోంచి సిమెంటు పాలు కిందికి కారిపోయి గాడిలో ఇసుక మిగులుతుంది. మర్నాడు పైనుంచి చీపురుతో దుమ్ము, ఇసుక, చెక్క ముక్కలు తీసేసి గాడి కడగండి. నీళ్లు నిలబడకుండా తడి మాత్రమే మిగలాలి. సిమెంటు పాలు బ్రష్‌తో రాసి, అది ఆరకముందే 1:3 మాలు కాస్త జారుగా కలిపి గాడిలో పోసి 6 మి.మీ. కడ్డీతో పొడుస్తూ నింపాలి. తాపీతో పైన రాసేస్తే గాడి పైభాగం నిండుతుంది, అడుగు ఖాళీగా ఉంటుంది.

రెండోది దూలం మీది కాలువ, గోడల మీద పలకల చుట్టూ మిగిలిన అంచు. ఇక్కడ మాలు కాదు, కాంక్రీటు. సిమెంటు ఒక పాలు, ఇసుక ఒకటిన్నర, 10-12 మి.మీ. చిప్స్ మూడు పాళ్లు. 20 మి.మీ. కంకర వేయొద్దు, రింగుల మధ్య ఇరుక్కుని కింద గూడు కడుతుంది. పోయకముందు దూలం మీద పొడవునా పైకడ్డీలు రెండు పెట్టి రింగులకు కట్టి, వాటి చివర్లను గోడ మీది అంచులోకి వంచాలి. ఆ అంచులో చుట్టూ 8 మి.మీ. కడ్డీలు రెండు, మూలల్లో తెగకుండా వంచి వేయాలి. ఫ్యాను కొక్కెం, కరెంటు పైపు కూడా ఇప్పుడే. రేపు పలకకు డ్రిల్లు పెట్టే పని ఉండకూడదు. కొక్కెం దూలం నడుమ రింగుకు వేలాడాలి, పలకకు కాదు.

ఈ గది మొత్తానికి పట్టే కాంక్రీటు పావు ఘనమీటరు, సిమెంటు రెండు బస్తాలు. ఇదే గదికి మామూలు స్లాబు పోస్తే ఘనమీటరున్నర దాటుతుంది. పని చిన్నది కదా అని మిక్సర్ లేకుండా నేల మీద కలిపేస్తారు. కలపండి, కానీ ఇనుప రేకు మీద కలపండి, నీళ్లు కొలిచి పోయండి.

సందులు నిండాయా అని చూడడానికి నాకు తెలిసిన తేలిక పద్ధతి: కింది సందులు మూసిన రాత్రి, పైన కాంక్రీటు పోయకముందే, గదిలో పెద్ద లైటు పెట్టి పైకెక్కండి. ఎక్కడ వెలుతురు గీత కనిపిస్తే అక్కడ పురి సరిగా దూరలేదు. సుద్దముక్కతో గుర్తు పెట్టి పొద్దున సరిచేయించండి. అంతా పోసి వారం గడిచాక సుత్తి పిడితో సందుల వెంట తట్టుకుంటూ వెళ్లండి. బోలు శబ్దం వచ్చిన చోట కొట్టి తీసి మళ్లీ నింపాలి.

ప్రశ్న: ప్రాపులు ఎప్పుడు తీయాలి?

సందుల కాంక్రీటు పోసిన పధ్నాలుగో రోజున. అన్ని రోజులూ గోనె సంచులు కప్పి తడి ఆరకుండా చూడాలి. సందులో కాంక్రీటు పలుచన, అటూ ఇటూ ఆరిపోయిన పలకలు. అవి నీళ్లు పీల్చేస్తాయి. ఎండాకాలం ఒక్క మధ్యాహ్నం వదిలేసినా పలక అంచు వెంట వెంట్రుక పగులు వస్తుంది, ఆ ఇంటికి నీళ్లు కారేది అక్కడి నుంచే.

ప్రశ్న: ఇంతా చేస్తే "త్వరగా" అవడం ఎక్కడ?

ప్రశ్న న్యాయమైనదే. పలకలు, దూలాలు పోసి 28 రోజులు కాకుండా పైకి ఎక్కించకూడదు. కాబట్టి గోడలు లేచాక పలకల గురించి ఆలోచిస్తే ఏమీ కలిసిరాదు. పునాది తీసిన రోజే అచ్చులు పెట్టాలి. ఆరు అచ్చులుంటే రోజుకు ఆరు పలకలు, వారంలో 36 అయిపోతాయి. పునాది, గోడలు కట్టుకునే నెల రోజులూ అవి నీడన తడిలో ఉంటాయి. గోడ తల సమం చేసిన రెండో రోజుకే కప్పు పడుతుంది. లోపల రెండు ప్రాపులే కాబట్టి గోడల పూత, తలుపులు, వైరింగ్ ఆ వారమే మొదలుపెట్టవచ్చు. కలిసొచ్చే కాలం ఇదే.

ఖర్చు విషయానికొస్తే, మామూలు స్లాబుతో పోలిస్తే నాలుగో వంతు దాకా మిగులుతుందని చెబుతారు. పది గదులు కట్టేవాళ్లకు మిగులుతుంది. ఒక్క గదికైతే ఇనుప అచ్చుల ఖర్చే ఆ మిగులును తినేస్తుంది. అద్దెకు దొరికితే తీసుకోండి, లేదా ఊళ్లో ఇద్దరు ముగ్గురు కలిసి చేయించుకోండి.

ప్రశ్న: క్రేను వస్తుంది, హాలో కోర్ వేసుకుంటాం. ప్రత్యేకంగా ఏం చూడాలి?

నాలుగు సంగతులు. పలక తిరగబడకూడదు. ఇనుము అడుగునే ఉంటుంది, పైన ఉండదు. అదే కారణంగా దాన్ని గోడ దాటించి బాల్కనీలా, పెద్ద సన్‌షేడ్‌లా వదలకూడదు. రంధ్రం కావాలంటే ఫ్యాక్టరీలోనే చేయించాలి, సైట్‌లో ఉలి పెడితే లాగి పట్టిన తీగ తెగుతుంది. నాలుగోది చాలామందికి తెలియదు: బోలు రంధ్రాల్లో వాననీరు చేరి నిలుస్తుంది. కప్పు వేసి నెలలు గడిచాక, పైన ఎక్కడా లీకు లేకపోయినా సీలింగ్ చెమ్మగిల్లితే అది ఆ పాత నీరే. ప్రతి బోలుకు అడుగున, చివర దగ్గర చిన్న నీటి రంధ్రం ఉందో లేదో పలక దించుకునేటప్పుడే చూడండి. చివర్లలో బోళ్లను మూతలతో మూయించి, పలకల పక్క గాడుల్లో పైన చెప్పినట్టే 1:3 మాలో, సన్న చిప్స్ కాంక్రీటో నింపించండి.

ప్రశ్న: మన దగ్గర భూకంపాలు పెద్దగా రావు కదా, చుట్టూ ఆ కడ్డీలు అవసరమా?

2001లో భుజ్ భూకంపం వచ్చినప్పుడు గుజరాత్‌లో ముందే పోసిన పలకలతో కట్టిన బడి గదులు చాలా దెబ్బతిన్నాయి. పలకలను ఒకదానితో ఒకటి, గోడతో కలిపి కట్టే ముడి సరిగా లేకపోవడం అందుకు పెద్ద కారణం. పలక గోడ మీద ఊరికే ఆని ఉంటే గోడ పక్కకు కదిలిన క్షణంలో ఆ 75 మి.మీ. అయిపోతుంది. మన ప్రాంతంలో అంత కంపనం రాకపోయినా నల్లరేగడి నేలలో పునాది ఒక మూల దిగినప్పుడు జరిగేదీ అలాంటిదే, కాకపోతే నెమ్మదిగా. చుట్టూ రెండు 8 మి.మీ. కడ్డీలంటే ఈ గదికి 32 మీటర్లు, పన్నెండు పదమూడు కిలోల ఇనుము. భూకంప ముప్పు ఎక్కువున్న చోట ఇది కూడా చాలదు, గోడ తల మీద పూర్తి బ్యాండ్ పోయించాలి.

ప్రశ్న: ఇప్పటికే వేసిన కప్పు కింద సందుల వెంట గీతలు కనిపిస్తున్నాయి. టెన్షన్ పడాలా?

గీత ఎక్కడుందో చూడండి. పలకకూ పలకకూ మధ్య సందు వెంట, పూత మీద తిన్నగా సన్న గీత ఉంటే అది పలకల కప్పుల్లో మామూలే. ఎండకు సాగి రాత్రికి ముడుచుకునే చోటు అది. పూత వేసేటప్పుడే అక్కడ తాపీ అంచుతో సన్న గాడి గీసి వదిలితే గీత అందులోనే ఉండిపోయి కంటికి కనపడదు. తడి లేకపోతే పట్టించుకోనక్కర్లేదు.

పలక నడుమ, పొడవుకు అడ్డంగా పగులు ఉంటే అది వేరు. దూలం చివర కింద గోడలో నిలువు పగులున్నా, దూలం మీద పలక ఆనిన చోట పెచ్చు ఊడి ఉన్నా కూడా అంతే. ముందు దూలం కింద ప్రాపులు పెట్టి, పైనున్న బరువు దించి, ఆ తర్వాత ఇంజనీరును పిలవండి. బేరింగ్ తగ్గిన చోట గోడకు ఆనించి ఇనుప యాంగిల్‌ను బోల్టులతో బిగించి ఆనింపు పెంచవచ్చు. నా మొదటి రోజుల్లో ఒక గదికి గోడ తూకం తప్పి పలక 20 మి.మీ. మాత్రమే ఆనిందని కప్పు పడ్డాక గానీ గమనించలేదు. ఆ ఇంటి పెద్దాయన "ఏం బాబూ, పడుకోవచ్చా ఇందులో?" అని అడిగారు. "నాలుగు రోజులు ఆగండి" అని చెప్పి 75 మి.మీ. యాంగిల్ గోడ పొడవునా వేయించాను, దానికీ పలకకూ మధ్య మిగిలిన సందులో గట్టిమాలు కూరించాను. ఆ యాంగిల్ ఇప్పటికీ అక్కడే ఉంది, మీద రంగు వేసుకుని బట్టలు తగిలించుకుంటున్నారు.